స్లైడ్‌లో లేనిది నోట్‌లోకి ఎలా వస్తుంది, ఎలా పట్టుకోవాలి

మండల సమీక్ష ముగిశాక స్లైడ్లను మళ్లీ తెరిచి చూసేవాళ్లు తక్కువ. పుట్టపర్తికి వెళ్లేది, ఫైల్లో మిగిలేది, ఏడాది తర్వాత ఎవరైనా అడిగితే బయటికి తీసేది ఆ స్లైడ్ల మీద ఎవరో రాసిన ఒక పేజీ నోట్. ఆ నోట్ రాసే పని సాధారణంగా ఫీల్డ్ కోఆర్డినేటర్‌కో, సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కో, స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరిన ఉద్యోగికో పడుతుంది. వాళ్లెవరూ అబద్ధం రాయాలని కూర్చోరు. అయినా నోట్ పూర్తయ్యేసరికి స్లైడ్లలో ఎక్కడా లేని మాటలు కొన్ని అందులో చేరిపోతాయి.

కారణం స్లైడ్ తీరులోనే ఉంది. స్లైడ్‌లో ఒక అంకె, ఒక చార్టు, మూడు ముక్కల బులెట్లు ఉంటాయి కానీ పూర్తి వాక్యాలుండవు. వాటిని వాక్యంగా కలపాలంటే ‘వల్ల’, ‘దీంతో’, ‘అందువల్ల’ లాంటి అతుకులు రాసేవాళ్లే వేసుకోవాలి. లేని విషయం ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే దూరుతుంది. కాబట్టి నోట్‌ను సరిచూడడమంటే అంకెలు సరిపోయాయా అని చూడడంతో అయిపోదు. అంకెల మధ్య మనం వేసిన అతుకులకు కూడా స్లైడ్‌లో ఆధారం ఉందా అని చూడాలి.

మడకశిర, అగళి, రొళ్ల, గుడిబండ, అమరాపురం మండలాల్లో ఏ శాఖ సమావేశం పెట్టినా మాట చివరికి బోర్ల దగ్గరికే వస్తుంది. అందుకని ఉదాహరణ కూడా నీళ్లదే తీసుకుందాం.

అంకె చూపేది ఒకరు, నిర్ణయం ఇంకొకరిది

ఉమ్మడి అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ తోడ్పాటుతో 2003 నుంచి కొన్నేళ్లు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భజలాన్ని కొలిచి, లెక్క వేసుకుని, వాడుకునే పద్ధతి అది. ఊళ్లో వర్షమాపకం పెట్టి వాన కొలిచేవారు. కొన్ని బోర్లను పరిశీలన బోర్లుగా ఎంచుకుని వాటిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో క్రమం తప్పకుండా చూసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుందో, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలో పక్కపక్కన పెట్టి చూసేవారు. దాన్ని పంట–నీటి లెక్క అన్నారు. ఆ పేరుతో, ఆ పద్ధతిలో సమావేశాలు ప్రాజెక్టు తర్వాత కూడా జరిగాయి.

ఆ పద్ధతిలో ఒక నియమం నోట్ రాసేవాళ్లకు బాగా పనికొస్తుంది. లెక్క చూపించినవాళ్లు ‘వరి వేయకండి’ అని ఆదేశించేవారు కాదు. నీరు ఇంత, అవసరం ఇంత, తేడా ఇంత అని చూపేవారు. ఏ పంట వేయాలో రైతు ఇంటికెళ్లి తేల్చుకునేవాడు. అలాంటి సమావేశం మీద రాసే నోట్‌లో ‘కాబట్టి రైతులు వరి మానేశారు’ అన్న వాక్యం చేరిందంటే, ఇంకా ఎవరూ తీసుకోని నిర్ణయాన్ని వాళ్లకు అంటగట్టినట్టే.

ముందు మూలాన్ని కట్టెయ్యండి

సరిచూడడం మొదలుపెట్టేముందు ఏ స్లైడ్లతో సరిచూస్తున్నారో తేలాలి. సమావేశానికి ముందురోజు వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఒకటి, సమావేశంలో చూపింది ఒకటి, తర్వాత ‘చిన్న మార్పు చేశాను సార్’ అంటూ పంపింది ఇంకొకటి ఉండొచ్చు. వాటిలో చూపిన ఫైలును ఎంచుకుని, పేరులో తేదీ చేర్చి, పీడీఎఫ్‌గా దాచుకోండి. స్లైడ్ నంబర్లు లేకపోతే వేయండి. ఇకమీదట ఆధారమంటే ఆ నంబరే.

తర్వాత తెరమీద కనపడనివి చూడాలి. స్లైడ్ కింద నోట్స్‌లో ప్రజెంటర్ రాసుకున్న మాటలుండొచ్చు. పవర్‌పాయింట్‌లో దాచిన స్లైడ్ ఉంటే ఎడమవైపు వరసలో దాని నంబరు మీద అడ్డగీత కనిపిస్తుంది. దాచారంటే సభకు చూపలేదని అర్థం. ప్రజెంటర్‌ను అడగకుండా అందులోంచి ఏమీ తీసుకోకండి. చార్టు మీద అంకెలు లేకపోతే దానిమీద రైట్‌క్లిక్ చేసి `Edit Data` నొక్కితే అసలు విలువలు వస్తాయి. చార్టును బొమ్మగా అతికించి ఉంటే ఆ వీలుండదు. అప్పుడు కంటితో చూసి రాసే అంకెకు ‘చార్టు ప్రకారం సుమారు’ అని చేర్చాలి. కమ్మీ 40కీ 50కీ మధ్య ఎక్కడో ఆగితే దాన్ని 46 అని రాయడం అంకెను పుట్టించడమే.

సమావేశంలో నోటితో అన్న మాటల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్రజెంటర్ మాటల మధ్యలో ‘పోయినేడు కంటే రెండింతలు మేలు’ అని ఉండొచ్చు. అది స్లైడ్ కాదు. నోట్‌లో అది ఉండాలంటే ‘సమావేశంలో ఫలానా అధికారి చెప్పిన ప్రకారం’ అని విడిగా రాయాలి. స్లైడ్ అంకెల మధ్య కలపకూడదు.

ఒక నోట్‌ను విప్పి చూద్దాం

ఇక్కడ చెప్పే స్లైడ్లు, అంకెలు పాఠం కోసం అల్లినవి. ఏ ఊరివీ కావు. మడకశిర చుట్టుపక్కల ఒక ఊళ్లో రబీ పంట–నీటి లెక్క సమావేశం జరిగిందనుకోండి. స్లైడ్లలో ఉన్నది ఇది:

స్లైడ్ 2: ఊరి వర్షమాపకం, జూన్–సెప్టెంబరు: ఈ ఏడాది 412 మి.మీ., గత ఏడాది 290 మి.మీ.

స్లైడ్ 3: పరిశీలన బోర్లలో నేలమట్టం నుంచి నీటి లోతు, మీటర్లలో. మే నెల: 14, 16, 17, 19, 25. సగటు 18.2. అక్టోబరు: 13.4, 15.2, 16.0, 17.8, అయిదో బోరు దగ్గర ఒక గీత. సగటు 15.6.

స్లైడ్ 4: రెండు చెక్‌డ్యాంల పూడికతీత పూర్తి. ఒక ఊటకుంటకు పరిపాలనా అనుమతి.

స్లైడ్ 5: రబీ లెక్క, వేల ఘనపు మీటర్లలో. అందుబాటు 180, అవసరం 240, లోటు 60.

స్లైడ్ 6: హాజరు 46. వరి బదులు ఆరుతడి పంట వేస్తామన్నవారు 18.

దీనిమీద తయారైన నోట్ ఇలా ఉంది:

‘దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన ఈ ప్రాంతంలో ఈ ఏడాది సాధారణం కంటే మంచి వర్షాలు కురిశాయి. చెక్‌డ్యాంల పూడిక తీయడంతో భూగర్భజలాలు 2.6 మీటర్లు, అంటే 14 శాతం పెరిగాయి. త్వరలో ఊటకుంట కూడా నిర్మిస్తారు. రబీలో 25 శాతం నీటి లోటు ఉన్నందున రైతులు వరి మాని ఆరుతడి పంటలకు మళ్లారు.’

చదవడానికి ఇంపుగా ఉంది. స్లైడ్లు చూసినవాళ్లకు కూడా తప్పేమీ తోచదు. ఎందుకంటే అందరూ స్లైడ్ నుంచి నోట్‌కు చూస్తారు. స్లైడ్ 2 వచ్చిందా, వచ్చింది. స్లైడ్ 3 వచ్చిందా, వచ్చింది. ఆ దారిలో వెళితే వదిలేసినవి దొరుకుతాయి గానీ చేర్చినవి దొరకవు. చేర్చినవాటిని పట్టుకోవాలంటే ఎదురు దారి పట్టాలి. నోట్‌లోని ప్రతి మాట నుంచి బయల్దేరి ‘ఇది ఏ స్లైడ్‌ది?’ అని అడుగుతూ వెనక్కి వెళ్లాలి.

నోట్‌ను ప్రింటు తీసి చేతిలో రెండు రంగుల పెన్నులు పెట్టుకోండి. ఒక రంగుతో ప్రతి అంకె కింద గీత, రెండో రంగుతో కారణం, పోలిక, తీర్పు చెప్పే ప్రతి మాట చుట్టూ సున్న. ఒక వాక్యంలో మూడు విషయాలుంటే మూడుగా విడగొట్టండి. ఒక్కోదాని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: ‘ఉంది’ అయితే స్లైడ్ నంబరు, ‘లెక్కతో వస్తుంది’ అయితే నంబరుతో పాటు ఆ లెక్క, ‘లేదు’ అయితే అడ్డగీత.

మొదటి వాక్యం: మనకు తెలుసు కాబట్టి రాసేది

‘దేశంలోనే అతి తక్కువ వాన’ అన్నది అనంతపురం ప్రాంతంలో ప్రతి ఉపన్యాసంలో, ప్రతి ప్రాజెక్టు ప్రతిపాదన తొలి పేరాలో వినపడే మాట. నోటికి వచ్చేసింది కాబట్టి చేతికి కూడా వస్తుంది. స్లైడ్ 2లో అది లేదు. గుర్తు: లేదు. నిజమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ ఏళ్ల సగటుతో, ఏ జిల్లాలతో పోల్చి అన్నారో స్లైడ్ చెప్పనప్పుడు, ఆ మాటకు పూచీ పడేది నోట్ కింద సంతకం చేసినవారే.

ఇందులో ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు లెక్కల్లో ‘జిల్లా’ అంటే ఉమ్మడి అనంతపురం. స్లైడ్‌లో 2019 జిల్లా అంకె, 2024 జిల్లా అంకె పక్కపక్కన ఉంటే, అవి ఒకే నేలకు చెందినవని స్లైడ్ చెప్పిందా లేదా చూడకుండా ‘జిల్లాలో పెరిగింది’ అని రాయకూడదు. మన ఉదాహరణలోనైతే కొలిచింది ఊరి వర్షమాపకం. దాన్ని ‘ఈ ప్రాంతం’ అనడంతోనే ఒక ఊరి వాన అయిదు మండలాలకు పాకింది.

ఇక ‘సాధారణం కంటే’. స్లైడ్‌లో గత ఏడాది అంకె ఉంది, సాధారణ వర్షపాతం లేదు. వాన విషయంలో ఈ రెండూ వేరువేరు. గత ఏడాది కరువైతే ఈ ఏడాది దానికంటే ఎంతో మేలుగా ఉండి కూడా సాధారణానికి తక్కువే కావొచ్చు. ‘మంచి వర్షాలు’ అన్నది తీర్పు. వేరుశనగ రైతుకు మంచి వాన వేరు, బోరు రైతుకు వేరు. అది కూడా లేదు. ఆ వాక్యంలో మిగిలేది 412, 290 మాత్రమే. నోట్ రాసినవారు ఆ రెండిటినే వదిలేశారు.

రెండో వాక్యం: కూడిక సరిగ్గా ఉండి కూడా తప్పయ్యే అంకె

2.6 స్లైడ్‌లో లేదు. 18.2లోంచి 15.6 తీసేస్తే వస్తుంది. కాబట్టి ‘లెక్కతో వస్తుంది’ అని గుర్తు వేయాలనిపిస్తుంది. అందుకే లెక్కను పక్కన రాయమన్నాను. రాయడం మొదలుపెడితే మే నెలలో అయిదు బోర్లు, అక్టోబరులో నాలుగే బోర్లు ఉన్నాయని కంటపడుతుంది.

అయిదో బోరు మే నెలలో 25 మీటర్ల లోతున ఉంది. అన్నిట్లోకి లోతైనది. అక్టోబరులో దానికి రీడింగ్ లేదు. లోతైనదాన్ని తీసేస్తే మిగిలిన సగటు దానంతటదే పైకి వస్తుంది. రెండు నెలల్లోనూ కొలిచిన నాలుగు బోర్లనే తీసుకుందాం. మే సగటు 14, 16, 17, 19 కలిపి నాలుగుతో భాగిస్తే 16.5. అక్టోబరు సగటు 15.6. తేడా 0.9 మీటరు. నోట్‌లో దానికి దాదాపు మూడింతలు పడింది. అంకగణితం తప్పలేదు, స్లైడ్‌లోని రెండు సగటులూ సరైనవే. తప్పంతా ఆ రెండిటినీ పోల్చడంలో ఉంది. ఆ పోలిక స్లైడ్ చేయలేదు, నోట్ చేసింది.

ఆ గీత సంగతి కూడా చూడాలి. అయిదో బోరు ఎండిపోయిందా, మోటారు దించి ఉంటే టేపు దిగలేదా, కొలిచేవాళ్లు ఆ రోజు వెళ్లలేదా? గీత ఏదీ చెప్పదు. ‘ఒక బోరు ఎండిపోయింది’ అని రాసినా, గీతను సున్నాగా చదివినా లేనిది చేర్చినట్టే. ‘అక్టోబరు రీడింగ్ లేదు’ అన్నంతవరకే మనకు హక్కు.

ఇక 14 శాతం. 2.6ను 18.2తో భాగిస్తే వచ్చింది. ఇది ఇంకా లోతైన తప్పు. స్లైడ్ చెప్పేది నేల నుంచి నీటి వరకు ఉన్న లోతు, భూమిలో ఉన్న నీటి పరిమాణం కాదు. లోతు 14 శాతం తగ్గితే నీరు 14 శాతం పెరిగినట్టు కాదు. పైగా మనది గ్రానైటు రాతినేల. నీరు నిలిచేది శిథిల రాతిపొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే, అదీ మొత్తం ఘనపరిమాణంలో కొద్ది శాతమే. మీటరు మట్టం పెరిగితే చేరిన నీరు కొద్ది సెంటీమీటర్ల మందం. లోతు పట్టిక మీద శాతం కనపడితే చాలు, అనుమానించండి. లోతు అంకె తగ్గితే మట్టం పెరిగినట్టు కాబట్టి, తొందరలో ‘18.2 నుంచి 15.6కు పడిపోయింది’ అని తలకిందులుగా రాసినవాళ్లూ ఉంటారు. ఆ దిశను కూడా ఒకసారి వేలుపెట్టి చూడాలి.

అంకెల తర్వాత ఈ వాక్యంలో అసలు గాలం ‘తీయడంతో’. స్లైడ్ 4లో పూడిక తీశారని ఉంది. స్లైడ్ 3లో మట్టం పెరిగిందని ఉంది. ఒకదానివల్ల ఒకటి అని ఏ స్లైడూ అనలేదు. స్లైడ్ 2 ప్రకారం గత ఏడాదికంటే 122 మి.మీ. ఎక్కువ వాన కూడా పడింది. నాలుగు బోర్లలో ఏవి చెక్‌డ్యాం దగ్గరున్నాయో, ఏవి దూరమో స్లైడ్లలో లేదు. చెక్‌డ్యాంకు దూరంగా ఉన్న బోరులో కూడా అంతే పెరిగిందేమో ఎవరికి తెలుసు? తెలుగులో ఈ గాలం చాలా సన్ననిది. ‘వల్ల’ అని రాస్తే ఎవరైనా ఆగి అడుగుతారు. ‘తీయడంతో’ అంటే ఎవరూ ఆగరు. ‘పూడిక తీసి నీటిమట్టం పెంచారు’ అంటే ఇంకా జారిపోతుంది. పెరిగిందానికి పెంచినవారు ఒకరు వచ్చి చేరారు. ఈ రెండు రూపాల చుట్టూ తప్పకుండా సున్న చుట్టండి.

మూడు, నాలుగు వాక్యాలు: కాలం, వంతు, జనం

‘త్వరలో నిర్మిస్తారు’ అన్నదానికి స్లైడ్ 4లో ఉన్నది పరిపాలనా అనుమతి. ప్రభుత్వ పనికి మెట్లున్నాయి: ప్రతిపాదన, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, పని మొదలు, పూర్తి, బిల్లు చెల్లింపు. డబ్బు సంగతిలో మంజూరు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. స్లైడ్ ఏ మెట్టు చెప్పిందో నోట్ కూడా ఆ మెట్టు దగ్గరే ఆగాలి. మన భాషలో ‘నిర్మిస్తారు’ అంటే ఉద్దేశమూ కావొచ్చు, హామీ కూడా కావొచ్చు. చదివే రైతు హామీగానే తీసుకుంటాడు. ‘త్వరలో’ ఎక్కడా లేదు.

25 శాతం లోటు లెక్కతో వస్తుంది, కానీ ఒకలా కాదు. లోటు 60ని అవసరం 240తో భాగిస్తే 25 శాతం. అందుబాటు 180తో భాగిస్తే 33 శాతం. రెండూ సరైన లెక్కలే, చెప్పే విషయాలు వేరు. కాబట్టి ‘అవసరంలో 25 శాతం’ అని వంతు ఎందులోదో రాస్తే ఆ అంకె ఉండొచ్చు. రాయకపోతే తీసేయండి. ఇదే స్లైడ్‌లో పైన మూలన చిన్న అక్షరాల్లో ‘వేల ఘనపు మీటర్లలో’ అని ఉంది. అది చూడకపోతే లోటు 60 ఘనపు మీటర్లు అవుతుంది. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. అసలు లోటు 60 వేల ఘనపు మీటర్లు, ఆరు కోట్ల లీటర్లు. అలాంటి ట్యాంకర్లతో తోలాలంటే పన్నెండు వేల లోడ్లు. అంకెను సరిచూసేటప్పుడు దాని యూనిట్‌ను కూడా వేలుపెట్టి చూడడం ఇందుకే.

‘రైతులు వరి మాని ఆరుతడి పంటలకు మళ్లారు’ అన్న ముక్కలో మూడు చేర్పులున్నాయి. మొదటిది జనం. వచ్చిన 46 మందిలో 18 మంది అన్నారు, నోట్‌లో అది ‘రైతులు’ అయింది. ఊళ్లో మొత్తం ఎంతమంది సాగుదారులో స్లైడ్ చెప్పలేదు కాబట్టి ఊరిలో ఎన్నో వంతు అని కూడా అనలేం. రెండోది కాలం. ‘వేస్తాం’ అన్నారు, ‘మళ్లారు’ అని రాశాం. విత్తనం ఇంకా పడలేదు. మూడోది ‘లోటు ఉన్నందున’. ఆ పద్దెనిమిది మంది లోటు చూసి అన్నారా, వరి ధర చూసి అన్నారా, కూలీలు దొరకక అన్నారా? అడిగినట్టు స్లైడ్‌లో లేదు. పంట–నీటి లెక్క నడిపేవాళ్లు జాగ్రత్తగా రైతుకు వదిలిన నిర్ణయాన్ని నోట్ రాసినవారు ఒక్క మాటతో తేల్చేశారు.

మిగిలిన నోట్

గుర్తులన్నీ వేశాక నోట్ ఇలా తేలుతుంది:

‘ఊరి వర్షమాపకం ప్రకారం జూన్–సెప్టెంబరులో 412 మి.మీ. వాన పడింది. గత ఏడాది ఇదే కాలంలో 290 మి.మీ. పడింది [2]. మే, అక్టోబరు రెండు నెలల్లోనూ కొలిచిన నాలుగు పరిశీలన బోర్లలో నీటిమట్టం 0.6 నుంచి 1.2 మీటర్ల మేర పైకి వచ్చింది. అయిదో బోరుకు అక్టోబరు రీడింగ్ లేదు [3]. రెండు చెక్‌డ్యాంల పూడికతీత పూర్తయింది. ఒక ఊటకుంటకు పరిపాలనా అనుమతి వచ్చింది [4]. రబీకి అందుబాటులో ఉన్న నీరు 180 వేల ఘనపు మీటర్లు, అవసరం 240 వేలు, లోటు 60 వేలు, అంటే అవసరంలో 25 శాతం [5]. హాజరైన 46 మందిలో 18 మంది వరి బదులు ఆరుతడి పంట వేస్తామన్నారు [6].’

మొదటిదానికంటే ఇది కాస్త పొడవు, కాస్త పొడి. కానీ ఇందులో స్లైడ్ చూపించలేని మాట ఒక్కటీ లేదు. చదరపు బ్రాకెట్లలోని స్లైడ్ నంబర్లను తుది ప్రతిలో కూడా ఉంచండి. చదివేవారికి అడ్డనిపిస్తే కనీసం కార్యాలయ ప్రతిలో ఉంచండి.

చేర్చిన మాటను తీసేయడానికి మనసొప్పక చాలామంది దాన్ని మెత్తబరుస్తారు. ‘పూడికతీత కూడా కొంతవరకు దోహదపడి ఉండొచ్చు’ అంటారు. ‘ఉండొచ్చు’ అన్నంత మాత్రాన ఆ మాట స్లైడ్‌లోకి వెళ్లదు. అడ్డగీత పడినదానికి మూడే దారులు: తీసేయడం, ప్రజెంటర్‌ను అడిగి ఆధారం తెచ్చుకోవడం, లేదా నోట్ నుంచి విడదీసి ఎవరి అభిప్రాయమో పేరుతో కింద రాయడం.

స్లైడ్ శీర్షికే దారి తప్పిస్తే

కొన్నిసార్లు లేని ముగింపు నోట్‌లో కాదు, స్లైడ్ నెత్తి మీదే ఉంటుంది. ఇందుకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ కొలంబియా వ్యోమనౌక. 2003 ఫిబ్రవరి 1న అది కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఎగిరేటప్పుడు ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలిందని నాసాకు ముందే తెలుసు. ప్రమాదం ఎంతో అంచనా వేస్తూ ఇంజినీర్లు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. అదే స్లైడ్ అడుగున చిన్న బులెట్‌లో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఊడిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ దెబ్బ గురించి దాదాపు ఏమీ చెప్పలేవు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ బోర్డు నివేదిక ఈ స్లైడ్‌ను ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణతో సహా అచ్చువేసింది.

నోట్ రాసేవాళ్లకు ఇందులోని పాఠం ఏమిటంటే, శీర్షికను ఆధారంగా లెక్కించకూడదు. శీర్షిక కూడా ఒక వాదనే. ‘భూగర్భజలాల్లో గణనీయ మెరుగుదల’ అని స్లైడ్ 3కి శీర్షిక ఉందనుకోండి. దాన్ని నోట్‌లోకి ఎత్తి రాస్తే స్లైడ్‌లో ఉన్నదే కదా అనొచ్చు. కానీ కింద పట్టిక చూపేది నాలుగు బోర్లలో సగటున 0.9 మీటరు. అలాంటప్పుడు పట్టికను రాయండి. శీర్షిక తప్పనిసరైతే ‘స్లైడ్ శీర్షిక గణనీయ మెరుగుదల అంటోంది’ అని దాని మాటగానే రాయండి. ఆ తేడాను ప్రజెంటర్‌కు ఫోన్ చేసి చెప్పండి.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. ఇది నోట్ స్లైడ్లకు కట్టుబడి ఉందా అన్నదే తేలుస్తుంది. స్లైడ్ తప్పయితే, కట్టుబడిన నోట్ ఆ తప్పునే మోస్తుంది. టేపు సరిగ్గా దించారా, వర్షమాపకం చెట్టు కింద పెట్టారా అన్నవి మరో తనిఖీ. స్లైడ్‌లో తప్పుందని మీకు తెలిసినా నోట్‌లో నిశ్శబ్దంగా దిద్దకండి. అలా దిద్దితే మీ నోట్‌లో స్లైడ్లలో లేని అంకె చేరినట్టే.

ఎవరు చూడాలి, ముగింపు ఎవరిది

సరిచూసే రెండో మనిషి సమావేశానికి రానివారైతే మేలు. వచ్చినవాళ్లకు ప్రజెంటర్ నోటిమాటలు చెవిలో ఉంటాయి. లేని మాట చదివినా ‘అవును, అన్నారుగా’ అని దాటేస్తారు. రానివారికి పీడీఎఫ్, నోట్ రెండే ఉంటాయి కాబట్టి లేనిది లేనట్టే కనపడుతుంది. రెండో మనిషి దొరకకపోతే ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు చివరి వాక్యం నుంచి మొదటికి చదువుకుంటూ రండి. కథ తెగిపోతుంది, ఒక్కో వాక్యం ఒంటరిగా నిలబడుతుంది.

ఇంతా చేశాక ఎక్కువగా ఎదురయ్యే మాట పై నుంచి వస్తుంది.

‘ఏమ్మా, ముగింపు లేకుండా నోట్ ఎట్లా పంపేది? చెక్‌డ్యాంలతో ఫలితం వచ్చిందని ఒక లైన్ వెయ్యి.’

‘స్లైడ్లలో ఆ మాట లేదు సార్. మీ అభిప్రాయమని వేరేగా కింద పెడతాను. లేదంటే చెక్‌డ్యాం దగ్గరి బోర్లు ఏవో భూగర్భజల శాఖ వాళ్లను అడిగి, రీడింగులు వచ్చాక వేద్దాం సార్.’

ఈ జవాబులో ఎదురు చెప్పడం లేదు. ముగింపు ఎవరిదో వాళ్లకే అప్పజెప్పడం ఉంది. చాలాసార్లు అధికారి రెండో దారే ఎంచుకుంటారు. తన పేరుతో కింద విడిగా పడే వాక్యానికి ఆయనకూ ఆధారం కావాలి మరి.

నోట్ అడుగున మూడు వరసలు వదలండి. మొదటి వరసలో మూలం ఫైలు పేరు, సమావేశం తేదీ, ఏ స్లైడ్ల నుంచి తీసుకున్నారో రాయండి. రెండో వరసలో నోట్‌లో లెక్కగట్టిన అంకెలు, వాటి లెక్క. మూడో వరసలో రాసినవారు, సరిచూసినవారు. మన ఉదాహరణకు రెండో వరస ఇలా ఉంటుంది: ‘0.6–1.2 మీటర్లు: స్లైడ్ 3, మే, అక్టోబరు రీడింగుల తేడా, నాలుగు బోర్లు మాత్రమే. 25 శాతం: స్లైడ్ 5, 60ని 240తో భాగించగా.’ వచ్చే రబీకి అదే ఊళ్లో మళ్లీ కొలిచినప్పుడు, కొత్తగా వచ్చిన ఉద్యోగి ఆ వరస చూసి ఏ బోర్లను ఏ బోర్లతో పోల్చాలో తెలుసుకుంటారు.